మంత్రిగారి మీసం వదిలేయండి, జీవో పట్టుకోండి: విధానాల మీద వ్యంగ్యం రాసే పద్ధతి

నేను రాసిన మొదటి రాజకీయ వ్యంగ్యం మా ఊరి ప్రజాప్రతినిధి ఒకాయన పొట్ట మీద. అచ్చయిన రోజు ఊళ్లో సగం మంది భుజం తట్టారు, మిగతా సగం మంది పలకరించడం మానేశారు. భుజం తట్టినవాళ్లంతా అవతలి పార్టీవాళ్లేనని వారం తర్వాత గానీ నాకు అర్థం కాలేదు. తర్వాతి ఎన్నికల్లో ఆయన ఓడిపోయారు, పొట్టతో సహా ఇంటికెళ్లారు. నేను అసలు రాద్దామనుకున్నది మంచినీళ్ల ట్యాంకరు రూలు గురించి. అది మాత్రం కొత్తాయన వచ్చాక కూడా చెక్కుచెదరలేదు.

మనిషిని కొడితే ఏమవుతుందో, పద్ధతిని కొడితే ఏమవుతుందో పక్కపక్కన పెట్టి చూడటానికి రోడ్ల మీది గుంతలు మంచి ఉదాహరణ. 2012లో రష్యాలోని యెకాతెరిన్‌బర్గ్‌లో కొందరు రోడ్డు గుంతల చుట్టూ గవర్నరు, మేయరు లాంటి పెద్దల ముఖాలు గీశారు. గుంత నోరులా కనపడేలా వేశారు. అధికారులు చేసిన మొదటి పని గుంతలు పూడ్చడం కాదు, ముఖాల మీద రంగు పూయడం. ఆ పూత పనంతా కెమెరాలో పడి నవ్వులపాలయ్యాకే గుంతల సంగతి చూశారు. 2015లో బెంగళూరు సుల్తాన్‌పాళ్యలో బాదల్ నంజుండస్వామి అనే చిత్రకారుడు ఒక పెద్ద గుంతకు చెరువు రంగు వేసి, అందులో నిలువెత్తు మొసలి బొమ్మను పెట్టాడు. అక్కడ ఎవరి ముఖమూ లేదు. కాబట్టి చెరిపేయాల్సిన అవమానమూ లేదు, మిగిలింది గుంత ఒక్కటే. దాన్ని పూడ్చారు. 2019లో చంద్రయాన్-2 దిగబోయే రోజుల్లో అతనే ఇంకో రోడ్డు మీద ఒక నటుడికి వ్యోమగామి దుస్తులు తొడిగి, చంద్రుడి మీద నడిచినట్టు నడిపించి వీడియో తీశాడు. మర్నాటికే రోడ్డు పని మొదలైంది.

నిజానికి రెండు చోట్లా గుంతలు పూడాయి. తేడా వచ్చింది మధ్యలో జరిగినదానిలో. ముఖం గీస్తే ముందు ముఖానికి వైద్యం జరుగుతుంది. పైగా ఆ ముఖానికి అభిమానులు ఉంటారు, కులం ఉంటుంది, పార్టీ ఉంటుంది. వాళ్లంతా గుంత సంగతి మర్చిపోయి మీతో తగువుకు దిగుతారు. మొసలికి అభిమాన సంఘం లేదు. ఆ పార్టీకి ఓటేసినవాడు కూడా అదే రోడ్డు మీద బండి నడుపుతున్నాడు కాబట్టి నిస్సంకోచంగా నవ్వుతాడు.

ఇక రాయడం సంగతికి వద్దాం. మొదటి నుంచి చివరిదాకా ఒకే ఉదాహరణతో చెబుతాను: పెన్షనర్లు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్. ప్రతి ఇంట్లోనూ దాన్ని చూసినవాళ్లు ఉంటారు.

రూలును అక్షరం అక్షరం చదవడం

వార్త చదివి వ్యంగ్యం రాయకండి. ఉత్తర్వో సర్క్యులరో తెచ్చుకుని చదవండి. అది దొరకకపోతే కనీసం ఆఫీసు గోడ మీద అంటించిన నోటీసైనా చదవండి. ఎందుకంటే మనకు కావలసింది రూలు చేసే హడావుడి కాదు, రూలు అడుగున దాగిన నమ్మకం. ప్రతి రూలూ మనుషుల గురించి ఏదో ఒకటి ముందే అనుకుని మొదలవుతుంది. ఆ అనుకున్నదాన్ని ఒక్క వాక్యంలో రాయగలిగితే సగం పని అయినట్టే.

లైఫ్ సర్టిఫికెట్ రూలును తీసుకుంటే, కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు మామూలుగా నవంబరులో తాము బతికే ఉన్నామని ధ్రువీకరించాలి. 80 ఏళ్లు దాటినవాళ్లకు అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అనే డిజిటల్ సర్టిఫికెట్ పద్ధతి వచ్చాక ఆధార్‌తో, వేలిముద్రతో ఈ పని చేయవచ్చు. 2021 నుంచి ఫోనుకు ముఖం చూపించి కూడా చేయవచ్చు. ఇవ్వకపోతే పెన్షన్ ఆగిపోతుంది. దీని అడుగున ఉన్న నమ్మకాన్ని నేను కాగితం మీద ఇలా రాసుకున్నాను: "కాదని రుజువు చేసుకునేదాకా ప్రతి పెన్షనరూ పోయినట్టే లెక్క."

ఆ వాక్యం కింద ఇంకోటి రాసుకున్నాను. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం ఎవరైనా చనిపోతే 21 రోజుల్లోగా తెలియజేయాలి. అంటే పోయినవాళ్ల జాబితా ప్రభుత్వం దగ్గరే, ఒక ఆఫీసులో తయారవుతోంది. కానీ ఇంకో ఆఫీసు ఆ జాబితా అడగకుండా, బతికున్నవాళ్లను పిలిచి లైన్లో నిలబెడుతోంది. ఇదే అసలు లోపం. లైను పొడవు, ఫ్యాను తిరగకపోవడం, గుమాస్తా విసుక్కోవడం లాంటివన్నీ దీని నీడలు. చాలామంది నీడ మీద రాసి ఊరుకుంటారు.

అవతలివాడి తరఫున వకాల్తా

వ్యంగ్యం మొదలుపెట్టే ముందు అర పేజీ ఆ రూలును సమర్థిస్తూ రాయండి. నిజాయితీగా రాయాలి. నేను రాసుకున్నది ఇదీ: చనిపోయినవాళ్ల పేరు మీద పెన్షన్ తీసుకునే కుటుంబాలు ఉన్నాయి, అది జనం డబ్బు. మన దేశంలో ప్రతి మరణమూ నమోదు కాదు. నమోదైనా, రికార్డులో ఉన్న అప్పారావు, పెన్షన్ తీసుకునే అప్పారావు ఒకరేనని తేల్చడం తేలిక కాదు. కదలలేని వాళ్ల కోసం ఇంటికొచ్చి తీసుకునే ఏర్పాట్లు కూడా ఉన్నాయి.

ఈ అర పేజీ అచ్చుకు వెళ్లదు. కానీ ఇది రాయకపోతే చదివేవాళ్లలో తెలిసినవాడొకడు లేచి "మరి దొంగ పెన్షన్ల మాటేమిటి?" అని అడుగుతాడు. అంతే, మీ జోకు అక్కడే కూలిపోతుంది. ఇంకో లాభం కూడా ఉంది. రూలుకు మంచి కారణం ఉందని ఒప్పుకున్నాక మిగిలే లోపమే గట్టి లోపం. మన విషయంలో అది, రుజువు భారమంతా డెబ్బై ఎనభై ఏళ్లవాళ్ల మీద పెట్టి, రెండు ఆఫీసులు మాట్లాడుకునే భారం ఎవరి మీదా పెట్టకపోవడం. దాన్నే సాగదీయాలి.

సాగదీయడం: ఒక్క దారాన్నే లాగాలి

అతిశయోక్తి అంటే అన్నిటినీ పెద్దవి చేయడం కాదు. ఒక్కదాన్ని పట్టుకుని, అది నిజమైతే తర్వాత ఏమవ్వాలో ఆ లెక్కలోనే ముందుకు వెళ్లడం. మిగతా ప్రపంచం మామూలుగానే ఉండాలి. గ్రహాంతర వాసులను తేకూడదు, ఏనుగులను ఎగరనివ్వకూడదు.

మన భాషలో దీనికి గొప్ప పాఠం కన్యాశుల్కంలో ఉంది. పెళ్లి అంటే పిల్లకు ధర కట్టడమే అయినప్పుడు, ధర కుదిరాక పిల్ల ఆడపిల్లే కావాలని ఏముంది? కరటకశాస్త్రి శిష్యుడు మహేశానికి చీర కట్టి, కూతురని చెప్పి లుబ్ధావధాన్లుకు అమ్మేస్తాడు. గురజాడ బయటినుంచి ఏమీ తేలేదు. ఆ ఆచారం లెక్కనే ఒక్క అడుగు ముందుకు వేయించాడు. 1897లో తొలి కూర్పుకు రాసిన ముందుమాటలో ఆయన, కడుపులో ఉన్న పిల్లలకు కూడా బేరాలు జరుగుతున్నాయని చెప్పాడు. అంటే వాస్తవం అప్పటికే ఆ దారిలో చాలా దూరం వెళ్లిపోయింది, నాటకం దాని పక్కన నడిచిందంతే.

సాగదీసే ముందు ఇది కూడా చూసుకోవాలి. వాస్తవం మీకంటే ముందుందేమో వెతకండి. లైఫ్ సర్టిఫికెట్ మీద రాస్తూ "బతికున్నవాడిని ప్రభుత్వం చనిపోయాడంటే ఎలా ఉంటుంది?" అని మొదలుపెడితే, ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లాకు చెందిన లాల్ బిహారీ ఆ పని ఎప్పుడో చేసేశాడు. భూమి కోసం బంధువులు 1970ల్లో ఆయన్ని రికార్డుల్లో చంపేశారు. 1994లో సరిచేసేదాకా ఆయన కాగితాల్లో శవమే. ఈలోగా పేరు చివర "మృతక్" అని చేర్చుకున్నాడు, తనలాంటి వాళ్లతో మృతక్ సంఘం పెట్టాడు, 1989లో అమేఠీలో రాజీవ్ గాంధీ మీద పోటీ చేశాడు. నాకు అన్నిటికంటే నచ్చింది, తన భార్యకు వితంతు పెన్షన్ ఇవ్వమని ఆయన పెట్టిన అర్జీ. అధికారిని తిట్టలేదు, రూలును తప్పనలేదు. మీరు చెప్పిందే నిజం, మరి నా భార్య సంగతేమిటి అన్నాడు. విధాన వ్యంగ్యానికి సరైన గొంతు అది: రూలును మనసారా నమ్మినవాడి గొంతు.

గొంతు ఎంచుకోవడం

ఆ గొంతు కోసం జీవో భాష వాడటం నాకు అలవాటు. మన జీవోలకు ఒక లయ ఉంది. "విషయం" అనే వరుసలో మాటల మధ్య గీతలు వస్తాయి, క్రియలన్నీ "బడును", "వలెను" అంటాయి, మనుషులు "సదరు" అవుతారు. అందులో కోపానికి చోటు లేదు కాబట్టి రచయిత కోపం పడటానికి వీలుండదు. పడకూడదు కూడా. "సిగ్గుచేటు", "దారుణం" లాంటి ఒక్క మాట పడినా ముసుగు జారిపోతుంది.

లైఫ్ సర్టిఫికెట్ మీద జీవోలా నేను రాసిన తొలి ప్రతిలో రెండో అంశం వేలిముద్ర మీద ఉండేది: ముద్ర పడకపోతే సదరు బొటనవేలు మృతి చెందినట్టు భావించి, మిగతా పెన్షనరుకు పదింట తొమ్మిది వంతులు చెల్లించాలని. నాకు చాలా ఇష్టమైన వాక్యం. రిటైరైన స్నేహితుడొకాయనకు చదివి వినిపిస్తే "ఇప్పుడు ముఖం చూపిస్తే చాలుగా" అన్నాడు. ఆయన నవ్వలేదు. రూలు మారిన సంగతి చూసుకోకుండా రాస్తే ఇలా అవుతుంది: జోకు తప్పు అవడమే కాదు, మీకు విషయం తెలియదని అర్థమైపోతుంది. ఆ వాక్యం కొట్టేసి ముఖం మీద ఆలోచిస్తే ఇంకా మంచిది దొరికింది. చివరి ప్రతి ఇది:

> ఉత్తర్వు సంఖ్య: 0. తేదీ: ఫిబ్రవరి 30.
>
> విషయం: పెన్షనర్లు – బతికి ఉండుట – సవరించిన విధివిధానాలు – ఉత్తర్వులు జారీ చేయడమైనది.
>
> 1. నవంబరులో బతికి ఉన్న పెన్షనరు డిసెంబరులో కూడా బతికే ఉంటారనుటకు ప్రస్తుత విధానంలో తగిన ఆధారం లేదని గమనించడమైనది. కావున ఇకమీదట పెన్షనర్లు ప్రతి పనిదినమున ఉదయం 10.30 నుండి 1 గంట వరకు స్వయంగా హాజరై బతికి ఉండవలెను. భోజన విరామంలో బతికి ఉన్నచో పరిగణించబడదు.
>
> 2. ముఖం ఆధార్ ఫోటోతో సరిపోలని పక్షంలో, ఫోటోలోని వ్యక్తి బతికి ఉన్నట్టును, వచ్చిన వ్యక్తి లేనట్టును భావించి, పెన్షను ఫోటోకు చెల్లించబడును.
>
> 3. నిజంగా మరణించిన పెన్షనర్లకు పై నిబంధనలు వర్తించవు. వారి పూర్తి వివరాలు మరణాల నమోదు కార్యాలయంలో ఉన్నవి. సదరు కార్యాలయం ఇదే భవనం రెండవ అంతస్తులో ఉన్నందున సంప్రదించుటకు వీలుపడలేదు.
>
> 4. సర్వర్ పనిచేయని దినమున పెన్షనర్లు బతికి ఉండుటను మరుసటి పనిదినమునకు వాయిదా వేసుకొనవలెను.

ఇందులో బరువంతా మూడో అంశం మోస్తుంది. మొదటి రెండూ నవ్వించడానికి. పరిష్కారం ఏమిటో పాఠకుడికి తెలిసేది మూడోదానిలో: రెండు ఆఫీసులూ మాట్లాడుకుంటే సరిపోతుంది. దాన్ని నేను చెప్పలేదు, ప్రభుత్వం చేతే, చేయలేమన్నట్టు చెప్పించాను. పరిష్కారాన్ని వ్యంగ్యంలో పెట్టాలంటే దాన్ని తోసిపుచ్చుతూ పెట్టడమే మంచి దారి. దాన్ని మొదట పెట్టకూడదు, అప్పటికి పాఠకుడు ఆట నియమాలు పట్టుకుని ఉండడు. చివర పెట్టినా ఉపన్యాసంలా వినిపిస్తుంది. అందుకే సర్వర్ జోకును దాని తర్వాత పెట్టాను. అంశాలు నాలుగుకు మించనివ్వలేదు. ఇదే దారిలో పన్నెండు రాసుకున్నాను, ఆరోదాని దగ్గర నాకే విసుగొచ్చింది.

ఏం కొట్టేయాలి

తొలి ప్రతిలో కౌంటరు దగ్గర కునుకు తీసే గుమాస్తా ఉండేవాడు. కొట్టేశాను. గుమాస్తా నిద్రపోతున్నాడంటే అతను మేల్కొంటే అంతా బాగుపడుతుందని అర్థం వస్తుంది. నిజానికి ఆ రూలుతో అతను ఎంత చురుగ్గా పనిచేసినా లైను లైనే. మనిషి లోపం వేసిన ప్రతిచోటా రూలు నిర్దోషిగా బయటపడుతుంది. మనుషుల మీది వ్యంగ్యంతో నాకున్న అసలు పేచీ ఇదే. మర్యాద సంగతి కాదు, గురి తప్పుతుంది.

అలాగే లైన్లో కళ్లు తిరిగి పడిపోయే ముసలాయన దృశ్యం ఒకటి ఉండేది. అది కూడా తీసేశాను, అక్కడ నవ్వు ఆయన మీద పడుతోంది కాబట్టి. ప్రతి వాక్యం దగ్గరా "ఇక్కడ ఎవరు నవ్వులపాలవుతున్నారు?" అని అడిగి చూసుకోండి. జవాబు "రూలు" కాకపోతే దాన్ని తిరగరాయాలి.

ఇంకో పరీక్ష ఉంది. మీ రచనలో ముఖ్యమంత్రి పేరు, పార్టీ పేరు ఉంటే తీసేసి చదవండి. జోకు బతికితే ఆ పేరు అవసరం లేదు. చచ్చిపోతే మీరు రాసింది విధానం మీద కాదు. ఆ తర్వాత, ప్రభుత్వం మారినట్టు ఊహించుకుని మళ్లీ చదవండి. మీకు ఇష్టమైన పార్టీ అధికారంలో ఉన్నా ఇది అచ్చు వేయించేవారా? నేను ఈ రెండో పరీక్షలో ఒకటి రెండుసార్లు ఫెయిలయ్యాను. ఆ రచనలు ఇంకా డ్రాయరులోనే ఉన్నాయి.

చట్టం, వాట్సాప్

పరువు నష్టం వ్యక్తులకూ సంస్థలకూ జరుగుతుంది కానీ రూలుకు పరువు లేదు. భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1న అమల్లోకి వచ్చాక క్రిమినల్ పరువు నష్టం 356వ సెక్షన్ కిందికి వచ్చింది. ప్రభుత్వమూ, ప్రభుత్వ అధికారం చెలాయించే సంస్థలూ తమ పరువు పోయిందంటూ నష్టపరిహారం దావా వేయలేవని 1994లో ఆర్. రాజగోపాల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వ్యక్తి పేరు ఎత్తితే ఈ రక్షణ పనిచేయదు. పేరు లేకుండా అందరికీ తెలిసేలా మనిషిని గీసినా అంతే, అందుకే "పేరు పెట్టలేదుగా" అన్న ధీమా వద్దు.

జీవో రూపంలో రాసేటప్పుడు నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ఇంకోటి. ఎవరో దాన్ని స్క్రీన్‌షాట్ తీసి ఫ్యామిలీ గ్రూపులో వేస్తారు, అక్కడినుంచి అది నిజం జీవోగా తిరుగుతుంది. పెద్దవాళ్లు నమ్మి ఆటో ఎక్కి ఆఫీసుకు వెళ్తే ఆ పాపం మనదే. అబద్ధపు సమాచారం వ్యాపింపజేశారని కేసు కూడా పడవచ్చు. ఉత్తర్వు సంఖ్య సున్నా, తేదీ ఫిబ్రవరి 30 అని పెట్టింది అందుకే. మొదటి అంశంలోనే అసాధ్యమైన మాట పడాలి, ఎందుకంటే స్క్రీన్‌షాట్‌లో తరచూ మొదటి నాలుగు లైన్లే ఉంటాయి. మూడు సింహాల చిహ్నం అసలు వాడవద్దు, దాని దుర్వినియోగాన్ని 2005 చట్టం ఒకటి నిషేధిస్తోంది. నిజమైన అధికారి సంతకం గానీ, హోదా గానీ కూడా వద్దు. బొమ్మగా పెడితే "వ్యంగ్యం" అనే మాట బొమ్మలోనే ఉండాలి, దాని కింది రాతలో కాదు. రాత రాలిపోతుంది, బొమ్మ ఒక్కటే ప్రయాణం చేస్తుంది.

ఎక్కడ పనిచేయదు

ఒక అధికారి లంచం తీసుకుంటే అది విధాన లోపం కాదు, నేరం. దాన్ని రూలు మీది వ్యంగ్యంగా రాస్తే దొంగను పద్ధతి వెనక దాచినట్టవుతుంది. దానికి కావలసింది ఆధారాలతో కూడిన వార్త, పేరుతో సహా. అలాగే రూలు ఎవరికీ తెలియనిదైతే, దాన్ని సాగదీసినా ఎంత సాగిందో పాఠకుడికి అర్థం కాదు. అప్పుడు ముందు రూలును రెండు వాక్యాల్లో చెప్పాలి, ఆ రెండు వాక్యాల్లో జోకులు వేయకూడదు. ఏది నిజం, ఏది మన కల్పన అన్న గీత అక్కడే పడుతుంది.

పేరు పెట్టి తిట్టినంత వేగంగా ఇది పాకదు, ఆ సంగతి ముందే తెలిసి ఉండటం మంచిది. నా పొట్ట వ్యాసం ఒక్క పూటలో ఊరంతా తిరిగింది. లైఫ్ సర్టిఫికెట్ ఉత్తర్వుకు వారం పట్టింది. కానీ దాన్ని నాకు తిరిగి పంపినవాళ్లలో రెండు పార్టీలవాళ్లూ ఉన్నారు. పెన్షన్ల కౌంటరులో పనిచేసే ఒకాయన ఎవరి ద్వారానో నంబరు సంపాదించి ఫోన్ చేశాడు. కోప్పడతాడనుకున్నాను. "మూడో నంబరులో చిన్న తప్పుంది సార్" అన్నాడు. "ఆ ఆఫీసు రెండో అంతస్తులో లేదు. మా పక్క గదే."